దాలమ్మ పట్టిన గూడ

దాలమ్మ అని ఒకావిడ ఉండేదంట. మా అత్త చెప్పింది నాకు. నేను కళ్ళతో చూసింది కాదు, చూసినట్టు చెప్తే తప్పు, అందుకని ముందే చెప్తున్నాను. ఆ దాలమ్మకి నోరు లేదు. మూగది కాదు, మాటొచ్చు, చక్కగా వచ్చు. ఇంట్లో మొగుడితో మాట్లాడితే పిట్టలా మాట్లాడేది. వీధిలోకొస్తే మాత్రం నోరు పెగలదు. ఎవరైనా ఏటమ్మా దాలమ్మా బాగున్నావా అంటే మొగుడి వైపు చూసేది. ఆ గౌరీసు చెప్పేవాడు, ఆ బాగుంది బాగుంది, నిన్న కాస్త తలనొప్పి, ఇవాళ తగ్గింది అని. ఈవిడ తలనొప్పి కూడా ఆయనే చెప్పాలన్నమాట. నవ్వకండి, ఇంకా ఉంది. ఆ గౌరీసుకి గొంతు గొప్పది. పాడితే వాగు అవతల కోతలు కోసేవాళ్ళు కొడవలి ఆపేవారంట. కానీ ఆయనకి బుర్ర లేదు. వెర్రివాడు కాదు, తెలివైనవాడే, ఏదీ తేల్చుకోలేడు, అంతే. వంకాయ నారు వెయ్యనా మిరప నారు వెయ్యనా, దాలీ? ఈ పంచె కట్టుకోనా ఆ పంచె కట్టుకోనా, దాలీ? ఆకలేస్తుందా లేదా అని కూడా పెళ్ళాన్నే అడిగేలా ఉండేవాడు. అందుకని ఊళ్ళో ఏమనేవారంటే, ఆవిడకి నోరు ఆయన, ఆయనకి బుర్ర ఆవిడ, ఇద్దరూ కలిస్తే ఒక నిండు మనిషి అని. పెళ్ళిళ్ళలో కొత్త జంటని దీవించేటప్పుడు గౌరీసూ దాలమ్మలా ఉండండి అనేవారంట. మరి ఇద్దరు కలిసి ఒక మనిషైతే, రెండో మనిషి ఏమైపోయినట్టు? ఆ మాట అప్పుడెవరూ అడగలేదు. ఆ చింతపండు బుట్ట ఇటు తోయమ్మా. పిక్క తీస్తూ వినండి, చేతులు ఆపకండి.

ఆ ఊళ్ళో పొలం ఎత్తు, వాగు పల్లం. నీళ్ళు వాటంతటవి పైకెక్కవు కదా, గూడ వెయ్యాలి. నువ్వు గూడ చూళ్ళేదేమో పిల్లా, చెప్తాను. వెదురు బుట్ట అనుకో, చేటలా నోరు వెడల్పుగా ఉంటుంది. దానికి నాలుగు తాళ్ళు. వాగు ఒడ్డున నీళ్ళ గుంటకి ఇటొకరు అటొకరు ఎదురెదురుగా నిలబడి, చేతికో తాడు చొప్పున రెండేసి పట్టుకుంటారు. ఒక తాడు గూడ మూతికి, ఒకటి అడుక్కి. ఇద్దరూ ఒక్కసారి వంగుతారు, గూడ నీళ్ళలో మునుగుతుంది. ఇద్దరూ ఒక్కసారి వెనక్కి వాల్తారు, గూడ నిండుగా పైకి లేస్తుంది. అప్పుడు మూతి తాడు వదులు చేసి అడుగు తాడు లాగితే నీళ్ళు మడికి పోయే బోదెలో పడతాయి. మళ్ళీ వంగు, మళ్ళీ వాలు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఎండ మాడే వరకూ అదే పని. పాట లేకపోతే నడుం విరిగిపోతుంది, అందుకని ఒకరు పాడతారు, రెండోవాళ్ళు ఊ కొడతారు. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. పెళ్ళినాడు పిల్ల తరఫువాళ్ళు కొత్త గూడ ఇస్తారు. అది జోడు గూడ. మొగుడూ పెళ్ళామే పట్టాలి, మూడో చెయ్యి తగలకూడదు. తగిలితే కాపురం విడిపోతుందని భయం. ఇద్దర్లో ఒకరు పోయారనుకో, ఆ గూడని చూరుకి బోర్లా వేలాడదీసేవారు. ఇక ఆ ఇంటి మడికి నీళ్ళు లేవు. దాలమ్మ పక్కింటి పోలమ్మది అదే గతి. మొగుడు పాము కరిచి పోయాడు, గూడ చూరుకెక్కింది, మడి ఎండి నెరలిచ్చింది. ఉన్న మడికి నీళ్ళు పెట్టుకోలేక ఊళ్ళో వాళ్ళ కళ్ళాల్లో కూలి చేసుకునేది పాపం.

గౌరీసు దాలమ్మల గూడ చూడ్డానికి జనం గట్టు మీద ఆగేవారంట. ఆయన పాడేవాడు, ఆవిడ ఊ కొట్టేది, చుక్క నీరు కింద పడేది కాదు. అలా ఉండగా ఏమైందంటే, ఒక ఏడు కోతలయ్యాక జముకులవాళ్ళు వచ్చారు. జముకు అంటే తెలుసుగా, చంకలో పెట్టుకుని తీగ మీటుతూ కథ చెప్తారే, ఆ వాద్యం. వాళ్ళ గురువు పేరు అసిరయ్య. ముసలాయన, ఒక కన్ను సరిగా కనపడదు. వాగు దాటుతుంటే గూడ పాట చెవిన పడిందంట. అక్కడే గట్టు మీద కూలబడిపోయాడు. పాట అయ్యాక గౌరీసుని పిలిచి, నాయనా, నీకు గొంతుంది, కథ లేదు. గొంతు దేవుడిచ్చాడు, కథ నేనిస్తాను. వేసవంతా మాతో ఊళ్ళు తిరుగు, తొలకరికి తిరిగొచ్చేద్దువు గాని అన్నాడు. గౌరీసు మొహం చూడాలి! దీపం పెట్టినట్టు వెలిగిందంట. వెలిగి, వెంటనే ఏం చేశాడు? పెళ్ళాం వైపు చూశాడు. దాలీ, వెళ్ళనా?

ఇక్కడుంది చిక్కు. జముకులవాళ్ళు తిరిగేది వేసవిలో. గూడ వెయ్యాల్సింది కూడా వేసవిలోనే. వానలొచ్చాక గూడతో ఏం పని? ఆయన వెళ్తే గూడ చూరుకెక్కాలి, మడి ఎండాలి. కానీ దాలమ్మ గుండెల్లో పడిన రాయి మడి గురించి కాదు. ఇంటికొచ్చాక తలుపేసి అడిగిందంట. మావా, నీకు నేను చాలనా? చాలవా అని అడిగితే ఏ మొగుడైనా ఏమంటాడు? చాలు అంటాడు. గౌరీసు కూడా మొదట అదే అన్నాడు. కాసేపుండి, నేల చూస్తూ, నువ్వు నాకు చాలకపోవడం కాదే, నేనే నాకు చాలడం లేదు అన్నాడంట. ఎంత మాట అది! కానీ భయంలో ఉన్న మనిషికి మంచి మాట కూడా కత్తిలా తగులుతుంది. ఆవిడ ఏడిచింది. నువ్వెళ్తే నేను సగం మనిషిని, నన్ను ఎవరేమడిగినా ఎవరు చెప్తారు, నువ్వు లేకుండా నాకు ఊపిరి ఆడదు అంది. అబద్ధం కాదు, నిజంగానే అనుకుంది. ఆయన ఆవిడ కన్నీళ్ళు తుడిచి, సరే, వెళ్ళనులే, ఊరుకో అన్నాడు. మర్నాడు అసిరయ్యకి ఆ సంగతి చెప్పడానికి కూడా ఆవిడే ఏం చెప్పాలో నేర్పిందంట. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆయన ఉన్నాడు. ఇల్లు కదల్లేదు. గొడవ పెట్టలేదు, అలగలేదు, పల్లెత్తు మాట అనలేదు. అంతకు ముందుకంటే మంచిగా ఉన్నాడు కూడా. అదే భయం పుట్టించే సంగతి. గూడ దగ్గర పాడేవాడు, కానీ పాట అరిగిపోయిన చీపురులా అయిపోయింది. కొన్నాళ్ళకి పాడడం మానేసి లెక్క పెట్టడం మొదలెట్టాడు. ఇంకొన్నాళ్ళకి అదీ లేదు. మావా, వంగ పూత బాగుంది చూశావా? ఆ, బాగుంది. మావా, పులుసు ఎలా ఉంది? ఆ, బాగుంది. ఏది చూపించినా బాగుంది. ఆవిడ ఆయన పక్కనే పడుకుని ఆయన కోసం బెంగ పెట్టుకుందంట! ఊరెళ్ళినవాడి కోసం బెంగ పెట్టుకుంటే నలుగురు ఓదారుస్తారు. పక్కలో ఉన్నవాడి కోసం బెంగ అంటే ఎవరికి చెప్పుకుంటావు? ఒకనాడు పొద్దున్న గూడ వేస్తున్నారు. వాగు అవతల దారిలో ఎవరో జముకు మీటుకుంటూ పోతున్నారు. ఆ చప్పుడుకి గౌరీసు తల అటు తిప్పాడు. తిప్పడం ఎంతసేపు, చేతిలో తాడు వదులైంది. అవతల దాలమ్మ వెనక్కి వాలి ఉంది కదా, ఉన్న బరువంతా ఆ తాళ్ళ మీదే వేసి ఉంది, వెల్లకిలా బురదలో పడింది.

గూడ వేసేవాళ్ళకి ఇది తెలుసు. వాలాలి, కానీ పాదాలు నేలలో పాతుకుని వాలాలి. నీ బరువు నీ మడమల మీద ఉండాలి. అలా ఉంటే అవతలివాళ్ళ తాడు కాస్త వదులైనా నువ్వు తూలుతావు గాని పడవు. బరువు అవతలి మనిషి మీద వేస్తే గూడ లేస్తుంది, లేవదని కాదు, కానీ ఆ మనిషి తల తిప్పడానికి లేదు, దగ్గడానికి లేదు, పిట్టని చూడ్డానికి లేదు. దాలమ్మ బురదలో కూర్చుని తన మడమల కేసి చూసుకుందంట. నేల మీద గుర్తే లేదు. ఇన్నేళ్ళుగా నిలబడ్డ చోట గుర్తు లేదు. ఎదురుగా గౌరీసు నిలబడ్డ చోట రెండు గుంటలు పడి ఉన్నాయి. ఇద్దరి బరువూ ఆయనే మోస్తున్నాడన్నమాట. ఆయన పరిగెత్తుకొచ్చి, దెబ్బ తగిలిందా, తప్పు నాదే, ఇంకెప్పుడూ తల తిప్పను అన్నాడు. ఆ ఇంకెప్పుడూ అన్న మాటకి ఆవిడ వణికిపోయింది. నేను తాడు పట్టుకోలేదు మావా, నిన్ను పట్టుకుని వేలాడాను అంది. ఆయనకి అర్థం కాలేదు. ఆ సాయంత్రం మూట కట్టి చేతిలో పెట్టింది. వెళ్ళు. ఆయన వెళ్ళనంటాడు! మళ్ళీ ఏడుస్తావు అన్నాడు. ఏడుస్తాను, ఏడవనని ఎవరన్నారు, నువ్వు తిరిగి రాకపోతే ఇంకా ఏడుస్తాను, అయినా వెళ్ళు. వెళ్తే మళ్ళీ వస్తావో రావో నాకు తెలీదు, ఉంటే మాత్రం నువ్వు లేవు, అది నాకు తెలుసు అంది. ఆయన గుమ్మం దాటి కూడా వెనక్కి తిరిగి, ఏ దారిన పోను దాలీ అని అడిగాడంట. ఆవిడకి ఏడుపులో నవ్వొచ్చింది. అది కూడా నేనే చెప్పాలా, కాళ్ళు నీవే కదా, అని తలుపేసుకుంది.

వేసుకుందా, ఇక చూడండి. మర్నాడు పొద్దున్న ఎవరో, ఏటి దాలమ్మా, గౌరీసేడి అన్నారు. ఈవిడ పక్కకి చూసింది. పక్కన ఎవరూ లేరు. అన్నేళ్ళ అలవాటు. నోరు తెరిచింది, మాట రాలేదు, ఇంట్లోకి పారిపోయింది. ఊళ్ళో మాట పుట్టేసింది, గౌరీసు జముకులోళ్ళ వెంట పారిపోయాడు, పెళ్ళాం ఏదో అనే ఉంటుంది అని. గూడని చూరుకి బోర్లా వెయ్యమని పెద్దలు కబురెట్టారు. ఆవిడ గూడ ముందేసుకుని కూర్చుంది. మడిలో వంగ మొక్కలు తలలు వాల్చేశాయి. ఆ రోజులు ఎలా గడిచాయంటే, ఏం వండినా రెండు ముద్దలు ఎక్కువ వండేసేది. ఏ సంగతి జరిగినా మావకి చెప్పాలి అని మనసులో దాచుకునేది, పిల్లి పిల్లల్ని పెట్టింది చెప్పాలి, గోడ పెళ్ళ ఊడింది చెప్పాలి. దాచి దాచి గుండె బరువెక్కిపోయింది. ఉప్పు అమ్మేవాడొస్తే, దారిలో జముకు వినపడిందా అని అడగాలని ఉండేది, నోరు రాక అక్కర్లేని ఉప్పు కొనేసేది. ఇంటినిండా ఉప్పే!

చివరికి ఒక పొద్దున్న దాలమ్మ వెళ్ళి పోలమ్మ గుమ్మం ముందు నిలబడింది. వదినా, అంది. ఆ ఒక్క మాటకి దాలమ్మకి చెమటలు పట్టాయంట. వదినా, నా గూడ పట్టడానికొస్తావా? పోలమ్మ చేతిలో చీపురు వదిలేసింది. నీకు మతి పోయిందా దాలమ్మా, మొగుడు బతికుండగా నాలాంటిదాన్ని ముట్టుకోనిస్తావా, నీ కాపురం ఏమైపోవాలి? దాలమ్మ అంది, తాడు ఇద్దరం పట్టుకుంటే విడిపోయే కాపురమైతే, గూడని చూరుకి కట్టి దాన్ని ఎంతకాలమని కాపాడతాను వదినా? ఇవాళ నా మడి, రేపు నీ మడి. పోలమ్మ గుమ్మంలోనే కూలబడింది. తర్వాత అంది, నా మొగుడు పోయిన్నాడు అందరూ సగం పోయింది సగం పోయింది అని ఏడిచారు. నేనూ అదే అనుకున్నాను. సగం మనిషినని పేరంటానికి పిలవడం మానేశారు, సగం మనిషినని మడి ఎండగట్టారు. అద్దంలో చూసుకుంటే నిండుగానే కనపడుతున్నాను కదే, ఏ సగం పోయిందో ఎంత వెతికినా తెలియలేదు అంది. ఆయన కోసం ఏడవడం వేరు, నేను సగమని ఏడవడం వేరు. మొదటిది నాది, రెండోది ఊరు నా నెత్తిన పెట్టింది అంది. పదవే, పద.

ఇద్దరూ గుంట దగ్గర నిలబడ్డారు. ఓలమ్మా, ఆ మొదటి రోజు చూడాలి! గూడ సగం నిండేది, నిండిన సగం వాళ్ళ చీరల మీదే పడేది. పాట లేదు కదా. పోలమ్మకి పాటే రాదు. దాలమ్మకి ఆయన పాటలో ఊ కొట్టడమే వచ్చు, మాటలు రావు. చివరికి ఊ ఊ అని ఇద్దరూ ఊ కొట్టుకున్నారంట, పాడేవాళ్ళు లేకుండా! గట్టు మీద పిల్లలు పడి పడి నవ్వారు. అప్పుడు దాలమ్మ గొంతు విప్పింది. కాకి గొంతు. గుర్తున్న ముక్కలు ఆయన పాటవి, గుర్తులేని చోట తన సొంతవి, పిల్లి పిల్లల్ని పెట్టింది, ఊ, గోడ పెళ్ళ ఊడింది, ఊ, ఇంట్లో ఉప్పు ఎక్కువైంది, ఊ. పోలమ్మ నవ్వి నవ్వి తాడు వదిలేసింది. దాలమ్మ తూలింది, కానీ పడలేదు. మడమలు చూసుకుంది. నేలలో రెండు గుంటలు.

ఊరికే ఊరుకుంటారా పెద్దలు? రచ్చ దగ్గరికి పిలిచారు. చినరామినాయుడు అని ఊరి పెద్ద, చెడ్డవాడు కాదు, ఆచారమంటే భయం అంతే. ఏటమ్మా, జోడు గూడని మూడో చేతికిచ్చావంట, రేపు నీ మొగుడొస్తే మమ్మల్నడుగుతాడు, ఏం చెప్పమంటావు? దాలమ్మ మళ్ళీ పక్కకి చూసింది. అలవాటు అంత తొందరగా పోదు కదా. పక్కన పోలమ్మ ఉంది, చెప్పనా అన్నట్టు చూసింది. దాలమ్మ తల అడ్డంగా ఊపిందంట. ఆ ఊపు ఉంది చూశారూ, కథంతా అక్కడే ఉంది. ఒక నోరు పోయిందని ఇంకో నోరు తెచ్చుకుంటే ఏం లాభం? ఒక అడుగు ముందుకేసింది. మొగుడు ఊళ్ళో ఉన్నా లేకపోయినా వంగ మొక్కకి దాహం వేస్తుంది బావూ, అంది. ఆచారం అంటున్నారు, ఆచారం వచ్చి అవతలి తాడు పట్టుకుంటుందా? పట్టుకుంటే చెప్పండి, పోలమ్మ వదినని పంపేస్తాను. వెనక నుంచి ఆడాళ్ళెవరో కిసుక్కుమన్నారు. నాయుడు మీసం సవరించుకుని, మొగుడు లేనప్పుడు ఇంత నోరు ఎక్కడిదమ్మా నీకు అన్నాడు. ఆవిడ అంది, ఉండేదే బావూ, ఆయనకి అరువిచ్చాను. నాయుడికి కూడా నవ్వొచ్చింది. నీ ఇష్టం, పైరు పోతే నా దగ్గరికి రాకు అన్నాడు. పైరు పోలేదు.

ఒకనాడు ఏమైందంటే, పోలమ్మ మడికి మొదటిసారి నీళ్ళు పారాయి. నెరలన్నీ గుటగుట తాగేశాయి. ఇద్దరూ బురదలో గెంతులేశారు, చిన్నపిల్లల్లా. మధ్యాహ్నం ఇంటికొచ్చి గంజి తాగుతుంటే దాలమ్మకి గుర్తొచ్చింది, పొద్దున్నుంచీ ఇప్పటిదాకా మావని తలుచుకోలేదు అని. చెయ్యి ఆగిపోయింది. ఆయన లేకపోతే ఊపిరి ఆడదన్నాను, హాయిగా ఆడుతోంది, అంటే నాకు ఆయన మీద ప్రేమ పోయిందా? బెంగతో ఏడిచినదానికంటే ఆ మధ్యాహ్నం ఎక్కువ ఏడిచిందంట. పోలమ్మొచ్చి, మర్చిపోవడం కాదే పిచ్చిదానా, పనిలో ఉన్నావు అంతే అంది. నిజమే, సాయంత్రమైంది, కోళ్ళు గూటికి చేరాయి, వాగు మీద వెలుతురు పసుపు రంగుకి తిరిగింది, మళ్ళీ గుర్తొచ్చాడు. కానీ ఆ గుర్తు వేరేలా ఉంది. ముందైతే నా మాట ఎవరు చెప్తారు, నా తాడు ఎవరు పడతారు అని గుర్తొచ్చేవాడు. ఇప్పుడు పడుకునే ముందు చెవి గోక్కుంటాడే, అది గుర్తొచ్చింది. నవ్వితే ఒక పక్క పెదవి ముందు లేస్తుందే, అది గుర్తొచ్చింది. ఆవిడకి ఏ పనికీ రానివన్నీ గుర్తొచ్చాయంట.

మరి అటు గౌరీసు సంగతి? అది మా అత్తకి కూడా పూర్తిగా తెలీదు, విన్నంత చెప్తాను. వెతుక్కుంటూ పోయి వాళ్ళని కలిసిన మొదటి ఊళ్ళో అసిరయ్య, ఇవాళ ఏ కథ చెప్దాం గౌరీసూ అని అడిగాడు. దాలమ్మ ఏమంటుందో అన్నాడు ఈయన. జముకులవాళ్ళంతా పక్కున నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన పేరే అదైపోయింది. ఓయ్ దాలమ్మేమంటుందో, ఇలా రా! దాలమ్మేమంటుందో, ఆ జముకు అందుకో! గురువు నవ్వలేదు. నాయనా, కథలో నీకు నచ్చిన చోట నువ్వు ఆగాలి, నచ్చిన చోట ఏడవాలి. ఎక్కడ ఆగాలో ఇంకొకరిని అడిగి కథ చెప్పలేవు. తప్పు తేలితే తేలనీ, తేల్చుకో అన్నాడు. తప్పులే తేల్చుకున్నాడు పాపం. పెళ్ళివారి ఊళ్ళో చావు కథ ఎత్తుకుని తన్నులు తినబోయాడు. వానొచ్చే రోజున చెట్టు కింద కథ పెట్టి అందర్నీ తడిపాడు. మెల్లగా తెలిసింది. ఒక ఊళ్ళో కథ మధ్యలో, మొగుడి కోసం ఎదురుచూసే ఆడమనిషి ఘట్టం వచ్చింది. గురువు నేర్పిన చోట ఆగకుండా ఇంకాస్త ముందుకెళ్ళి, ఆవిడ గుమ్మంలో నిలబడ్డ చోట ఆగాడంట. జముకు తీగ కూడా ఆపేశాడు. అసిరయ్య కనపడని కంట్లోంచి నీళ్ళొచ్చాయి. కథయ్యాక గౌరీసు అందరి మధ్యా కూర్చుని, ఈ సంగతి చెప్పాల్సిన మనిషి ఇక్కడ లేదే అని కుమిలిపోయాడు. అలా ఆగనా అని అడగడానికి కాదు, ఆగాను అని చెప్పడానికి.

తొలి మబ్బు పట్టిన రోజున తిరిగొచ్చాడు. ఇంటికి తాళం. వాగు గట్టుకి నడిచాడు. నడుస్తుంటే పాట వినపడింది. కాకి గొంతు, పిల్లి పిల్లల్ని పెట్టింది, ఊ. గట్టెక్కి చూస్తే ఏముంది, తన గూడ, తన పెళ్ళాం, తను నిలబడే చోట పోలమ్మ. గూడ నిండుగా లేస్తోంది, బోదె నిండా పారుతోంది, మడి పచ్చగా ఉంది. ఇటు చూడనైనా చూడలేదు ఇద్దరూ. ఆయన గట్టు మీదే ఆగిపోయాడు. దారంతా ఏమనుకుంటూ వచ్చాడంటే, పాపం నేను లేక ఎలా ఉందో, మడి ఎండిపోయి ఉంటుంది, నన్ను చూడగానే ఏడుస్తుంది, ఓదార్చాలి అని. ఓదార్చడానికి తెచ్చిన మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. దగ్గరికెళ్ళి, దాలీ అన్నాడు. ఆవిడ తల తిప్పింది. తాడు మాత్రం వదల్లేదు, గూడ లేచింది, నీళ్ళు పోసింది, అప్పుడు కింద పెట్టింది. ఇద్దరూ చూసుకున్నారు. పోలమ్మ బోదె చూసొస్తానని అటు పోయింది, తెలివైన మనిషి.

నాతో పని లేనట్టుందే అన్నాడు గౌరీసు. నవ్వుతూ అనబోయాడు, నవ్వు రాలేదు. దాలమ్మ ఇదివరకటిలా అయితే, అయ్యో అలా అనకు, నువ్వు లేక చచ్చిపోయాను అనేదే. అందామని నోటిదాకా వచ్చింది కూడా. మింగేసింది. లేదు మావా, అంది. పని లేదు. ఆయన మొహం పాలిపోయింది. ఆయన కూడా ఒక మాట దాచుకొచ్చాడు, అది చెప్పేశాడు. వచ్చే వేసవికి కూడా వెళ్తాను, గురువుకి మాటిచ్చాను. వెళ్ళనా అని అడగలేదు చూశారూ! ఆవిడకి ఒళ్ళు మండింది. వచ్చీ రాగానే పోతాననే మాటేనా, కాళ్ళు కడుక్కున్నావా అసలు? సరే, నాదీ ఒక మాట, నువ్వొచ్చావని పోలమ్మ వదినని పంపెయ్యను, గూడ ముగ్గురిదీ, ఆవిడ మడి కూడా మన మడే అంది. ఆయన అన్నాడు, అది బానే ఉంది. నీకు నోరొచ్చింది, నాకు బుర్రొచ్చింది. నీ తాడు పట్టడానికి మనిషుంది, నా కథ వినడానికి జనం ఉన్నారు. మరి మనిద్దరం ఎందుకే?

వెక్కిరింపుగా అడగలేదు. భయంతో అడిగాడు. ఆవిడ అడిగిన ఆ చాలనా లాంటి ప్రశ్నే అది, మనిషి మారాడంతే. దాలమ్మ తడి చేతులు చీరకి తుడుచుకుంది. ఎందుకో నాకూ తెలీదు మావా, అంది. ఇన్నాళ్ళూ వెతికాను, నువ్వు ఎందుకూ పనికిరావు. అయినా సాయంత్రమైతే గుర్తొస్తావు. ఏ పనీ లేకుండా గుర్తొస్తావు. ఇంటినిండా ఉప్పుంది, నీకు చెప్పాల్సిన కబుర్లున్నాయి, పిల్లి పిల్లలు పెద్దవైపోయాయి. ఉంటే ఉండు, వెళ్తే వెళ్ళిరా. ఇప్పుడు మాత్రం రా, వచ్చి ఈ తాడు పట్టుకో. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, పట్టుకోమంటావా అన్నాడు. వెంటనే నాలిక కరుచుకుని, పట్టుకుంటాను అన్నాడు.

పట్టుకున్నాడు. అంతా కుదిరిపోయిందని చెప్తే మా అత్త నన్ను పైనుంచి తిడుతుంది. కుదర్లేదు. ఆయన పాట ఎత్తుకున్నాడు, ఈవిడా ఎత్తుకుంది. ఊ కొట్టేవాళ్ళు లేరు! ఆయన వాలేసరికి ఈవిడ వంగుతోంది, గూడ నీళ్ళన్నీ ఇద్దరి నెత్తిన పడ్డాయి. ముందు నేను పాడతా నువ్వు ఊ కొట్టు అని ఆయన, ఇన్నేళ్ళు కొట్టాను ఇవాళ నువ్వు కొట్టు అని ఈవిడ. ఒక వారం పోట్లాడుకున్నారంట. తర్వాత ఒక పాట ఆయనది, ఒక పాట ఈవిడది. ఈవిడ పాటప్పుడు పిట్టలు లేచిపోయేవి, అయినా ఆయన గట్టిగా ఊ కొట్టేవాడు. ఆయనకి పిట్ట కనపడితే తల తిప్పి చూసేవాడు, ఈవిడ పడేది కాదు. మెల్లగా ఊళ్ళో చూరుల మీది గూడలన్నీ కిందికి దిగాయి. పెళ్ళి దీవెనలో మాత్రం వాళ్ళ పేరు తీసేశారంట. ఒక నిండు మనిషిలా ఉండండి అని దీవించడం తేలిక, ఇలా ఉండండి అని ఎలా దీవిస్తావు?

మరి బెంగ పోయిందా అవ్వా అని అడుగుతోంది ఈ పిల్ల. ఎక్కడికి పోతుందమ్మా? ప్రతి వేసవికీ ఆయన వెళ్ళేవాడు, ప్రతి సాయంత్రం ఈవిడ వాగు మీద ఆ పసుపు వెలుతురు చూస్తూ నిలబడేది. ముసలిదైనా నిలబడేదంట. ఒక వేసవి ఆయన చాలా ఆలస్యంగా వచ్చాడు, ఇంకో వేసవి జబ్బుతో వచ్చాడు, ఒక వేసవికి వెళ్ళి ఇక రాలేదు, పోయాడని కబురొచ్చింది. అప్పుడు కూడా నిలబడింది. నిలబడి, చీకటి పడ్డాక ఇంటికొచ్చి దీపం పెట్టుకుని, తన మట్టుకు సరిపడా అన్నం వండుకుని తినేది. దాలమ్మా, సగం పోయిందే అని ఎవరో ఏడవబోతే, లేదమ్మా, సగం కాదు, ఆయన పోయాడు, నిండుగా ఒక మనిషి పోయాడు, అందుకే ఇంత ఏడుస్తున్నాను అందంట. నేనైతే మీలాంటి ఆడపిల్లలకి నీకు తగ్గ జోడు దొరకాలి అని దీవించను. కాళ్ళు నేలలో దిగాలి, ఆ తర్వాత దొరికితే దొరుకుతాడు అంటాను. ఈ కాలంలో అలా అంటే మీ అమ్మలు నన్ను తిడతారు, తిట్టనీ.

అదిగో, విన్నారా? మా ఇంటాయన. ఈ కథ ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ లేచి వెళ్ళిపోతాడు, ఎక్కడికో కాదు, గుమ్మం దాకా. అక్కడ నిలబడి అరుస్తాడు, నా తువ్వాలు ఎక్కడుందే అని. భుజం మీదే ఉంటుంది.